పోస్టల్ అసిస్టెంట్‌గా చేరే ముందు ప్రమోషన్, బదిలీ, ఇన్‌స్పెక్టర్ పరీక్షల లెక్క

ప్రశ్న: మాది కందుకూరు. ఎస్‌ఎస్‌సీ ద్వారా పోస్టల్ అసిస్టెంట్‌గా సెలెక్ట్ అయ్యాను, ఆంధ్రప్రదేశ్ సర్కిల్ వచ్చింది. డివిజన్ ఇంకా తెలీదు. పదేళ్లకి ప్రమోషన్ ఆటోమేటిక్‌గా వస్తుందని ఒకరు, ఇరవై ఏళ్లు అదే కౌంటర్‌లో కూర్చోవాలని ఇంకొకరు అంటున్నారు. పెళ్లయ్యాక వేరే ఊరికి మారితే సీనియారిటీ మొత్తం పోతుందా? డిపార్ట్‌మెంట్ పరీక్ష రాసి త్వరగా పైకి వెళ్లొచ్చా? చేరే ముందే ఇవన్నీ తెలుసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సమాధానం:

అమ్మా, ముందు సూటిగా చెప్తాను. పదేళ్లకి ఆటోమేటిక్‌గా వచ్చేది జీతం పెంపు మాత్రమే, ప్రమోషన్ కాదు. అసలు ప్రమోషన్ సీనియారిటీ మీద వస్తుంది. మీ ముందు ఉన్న బ్యాచ్‌లను బట్టి చూస్తే దానికి పదేళ్ల కంటే ఎక్కువే పట్టే అవకాశం ఉంది. మన సర్కిల్ లోపల బదిలీ అయితే మీరు భయపడుతున్నంత నష్టం లేదు, సర్కిల్ దాటితే మాత్రం ఉంది. త్వరగా పైకి వెళ్లే ముఖ్యమైన దారి ఇన్‌స్పెక్టర్ పరీక్ష. దానికి ఐదేళ్ల రెగ్యులర్ సర్వీసు కావాలి.

నేను ప్రకాశం డివిజన్‌లో పీఏగా చేరి, కౌంటర్లు, సబ్ ఆఫీసులు, డివిజనల్ ఆఫీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ అన్నీ తిరిగి ఇప్పుడు పోస్ట్‌మాస్టర్‌గా ఉన్నాను. ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పని చేసినన్నాళ్లూ నా టేబుల్ మీద ఉన్నవి సీనియారిటీ వరుస చూపే గ్రేడేషన్ లిస్టులు, బదిలీ దరఖాస్తులు, ప్రమోషన్ వద్దని రాసిచ్చిన కాగితాలే. కొత్తగా చేరే పిల్లలకి ఈ విషయాలు ఎవరూ విడమరిచి చెప్పరు. పదేళ్లు గడిచాక తెలుసుకుని బాధపడతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సర్వీసు వేరు, సీనియారిటీ వేరు

మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు ఈ తేడాలోనే ఉంది. సర్వీసు అంటే మీరు ఎన్నేళ్లు పని చేశారన్నది. సీనియారిటీ అంటే లిస్టులో మీ పేరు ఎన్నో వరుసలో ఉందన్నది. పదేళ్ల జీతం పెంపు, ఇన్‌స్పెక్టర్ పరీక్ష అర్హత, ఈ రెండూ సర్వీసును చూస్తాయి. పీఏ తర్వాత మెట్టయిన ఎల్‌ఎస్‌జీ ప్రమోషన్ సీనియారిటీని చూస్తుంది. బదిలీ వల్ల దెబ్బ తగిలితే అది సీనియారిటీకే తగులుతుంది, సర్వీసు చెక్కుచెదరదు.

పదేళ్లకి వచ్చేది ఎంఏసీపీ

పీఏ లెవెల్ 4లో చేరతారు, ఏడో పే కమిషన్ ప్రకారం మొదటి బేసిక్ 25,500. ఎంఏసీపీ అనే పథకం కింద 10, 20, 30 ఏళ్ల సర్వీసుకు ఒక్కో లెవెల్ చొప్పున పెరుగుతుంది. పదికి లెవెల్ 5, ఇరవైకి లెవెల్ 6, ముప్పైకి లెవెల్ 7. కుర్చీ మారదు, హోదా మారదు, పని మారదు. అది కూడా ఊరికే రాదు. ఏటా రాసే ఏపీఏఆర్ రిపోర్టులో 'వెరీ గుడ్' ఉండాలి. 2016 నుంచి ఈ నిబంధన వచ్చింది. అంతకు ముందు 'గుడ్' ఉన్నా సరిపోయే స్థాయిలు ఉండేవి. కాబట్టి ఏడాదికోసారి మీ రిపోర్టు మీ చేతికి వచ్చినప్పుడు సంతకం పెట్టేసి ఊరుకోవద్దు, గ్రేడింగ్ చదవండి. తక్కువ వేశారనిపిస్తే అభ్యంతరం రాయడానికి 15 రోజులు గడువు ఉంటుంది.

లెక్క ఎలా ఉంటుందో చూపిస్తాను. ఉదాహరణకు ఒకరు 2025 ఆగస్టులో 25,500 మీద చేరారనుకోండి. మొదటి ఇంక్రిమెంట్ 2026 జూలై 1న. అలా ఏటా ఒకటి చొప్పున వెళ్తే 2035 జూలైకి బేసిక్ 34,300 అవుతుంది. ఆగస్టులో పదేళ్లు నిండగానే ఎంఏసీపీ వస్తుంది. ముందు పాత లెవెల్‌లోనే ఒక ఇంక్రిమెంట్ కలుపుతారు, అది 35,300. లెవెల్ 5లో దానికి సమానమైన అంకె లేదు కాబట్టి తర్వాతిది ఇస్తారు, అది 35,900. అంటే పదేళ్లు ఎదురుచూసిన పెంపు బేసిక్‌లో 1,600. కొత్త పే కమిషన్ వచ్చాక ఈ అంకెలు మారతాయి కానీ పద్ధతి ఇదే. 'పదేళ్లకి ప్రమోషన్' అని మీకు చెప్పినవారు చెప్పింది దీని గురించే.

అసలు ప్రమోషన్ ఎల్‌ఎస్‌జీ

ఎల్‌ఎస్‌జీ అంటే లోయర్ సెలెక్షన్ గ్రేడ్, లెవెల్ 5. ఆ పైన హయ్యర్ సెలెక్షన్ గ్రేడ్ మెట్లు, హెచ్‌ఎస్‌జీ-2, హెచ్‌ఎస్‌జీ-1. ఎల్‌ఎస్‌జీ పోస్టులు ఎక్కువగా సబ్ పోస్ట్‌మాస్టర్లవి, హెడ్ ఆఫీసుల్లో సూపర్‌వైజర్లవి. 2016లో క్యాడర్ రీస్ట్రక్చరింగ్ జరిగాక ఈ పోస్టులు బాగా పెరిగాయి. ఆ తర్వాత కొన్నేళ్లు పెద్ద పెద్ద లిస్టులు వచ్చాయి. ఇప్పుడు మీకు 'మా బ్యాచ్‌కి త్వరగానే వచ్చింది' అని చెప్పే సీనియర్లలో చాలామంది ఆ ఊపులో పైకి వెళ్లినవాళ్లు. వాళ్ల అనుభవాన్ని మీ లెక్కకి వాడుకోవద్దు.

కారణం చెప్తాను. 2001 నుంచి 2009 వరకు కేంద్ర ప్రభుత్వం డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌ను గట్టిగా బిగించింది. డైరెక్ట్‌గా నింపాల్సిన ఖాళీల్లో మూడో వంతే నింపాలి, అది కూడా మొత్తం పోస్టుల్లో ఒక శాతం దాటకూడదు. దాంతో ఆ కాలంలో చేరినవాళ్లు తక్కువ. గ్రేడేషన్ లిస్టు తీసి చూస్తే ఆ భాగం పలచగా కనిపిస్తుంది, ఆ తర్వాత మళ్లీ నిండుగా కనిపిస్తుంది. పలచగా ఉన్న భాగం మీదుగా ప్రమోషన్ లిస్టు వేగంగా దాటింది. 2010 తర్వాత చేరిన బ్యాచ్‌ల దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది, ఎందుకంటే వాళ్లు ఎక్కువమంది, పైగా వయసులో చిన్నవాళ్లు. 1990లో పుట్టినవారు 60 ఏళ్లకి రిటైర్ అయ్యేది 2050లో. మీరు వాళ్ల వెనక నిలబడుతున్నారు.

చేరే ముందే మీరు చేయగలిగిన లెక్క ఒకటుంది. ఈ మధ్య వచ్చిన ఎల్‌ఎస్‌జీ ప్రమోషన్ ఆర్డరు ఒకటి సంపాదించండి. యూనియన్ వాళ్ల దగ్గర దొరుకుతుంది, ఏ పోస్టాఫీసులో అడిగినా ఎవరో ఒకరు పంపిస్తారు. అందులో జనరల్ సీనియారిటీలో అందరికంటే చివరి పేరు ఎవరిదో, ఆ వ్యక్తి పీఏగా ఏ సంవత్సరం చేరారో చూడండి. ఆర్డరు సంవత్సరంలో నుంచి దాన్ని తీసేస్తే ఈనాటి నిరీక్షణ ఎంతో తెలుస్తుంది. తర్వాత సర్కిల్ గ్రేడేషన్ లిస్టులో ఆ పేరుకీ మీ బ్యాచ్‌కీ మధ్య ఎంతమంది ఉన్నారో, పైన ఎల్‌ఎస్‌జీ, హెచ్‌ఎస్‌జీలలో రాబోయే పదేళ్లలో ఎంతమంది రిటైర్ అవుతున్నారో చూడండి. పుట్టిన తేదీలు ఆ లిస్టులోనే ఉంటాయి. మధ్యలో ఉన్నవాళ్లు రిటైర్ అయ్యేవాళ్ల కంటే ఎంత ఎక్కువ ఉంటే మీ నిరీక్షణ అంత పెరుగుతుంది.

ఈ లెక్కని ఇంకో విషయం మారుస్తుంది. ప్రమోషన్ వచ్చినా వద్దనేవాళ్లు మన డిపార్ట్‌మెంట్‌లో చాలామంది. ఎల్‌ఎస్‌జీ సర్కిల్ క్యాడర్, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేస్తారు. ముందున్నవాళ్లు వద్దంటే లిస్టు కిందికి దిగుతుంది, వెళ్లడానికి సిద్ధపడినవాళ్లకి ముందుగా వస్తుంది.

ప్రమోషన్ వద్దని రాసిచ్చే ముందు

ఇది మీకు ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు వచ్చేసరికి ఇంట్లో పిల్లల చదువు, అత్తమామల ఆరోగ్యం లాంటివి ఉండి, ఆలోచించుకోవడానికి కొద్ది రోజులే టైమ్ ఇస్తారు. ఆ టెన్షన్‌లో రూల్ చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

పదేళ్ల ఎంఏసీపీ ఇంకా రాకముందే మీకు ఎల్‌ఎస్‌జీ ఆర్డరు వచ్చి, మీరు వద్దన్నారనుకోండి. అప్పుడు పదేళ్లు నిండినా ఎంఏసీపీ ఇవ్వరు. ప్రమోషన్ అవకాశం లేక ఒకే చోట ఆగిపోయినవాళ్ల కోసం పెట్టిన పథకం అది. మీకు అవకాశం వచ్చింది, మీరే వద్దన్నారు, కాబట్టి వర్తించదు అంటారు.

ఎంఏసీపీ వచ్చాక ఆర్డరు వస్తే, వద్దన్నా వచ్చిన పెంపు వెనక్కి తీసుకోరు. ఇక్కడే చాలామంది ధైర్యంగా సంతకం పెట్టేస్తారు. పైగా మీరు అప్పటికే లెవెల్ 5లో ఉంటారు కాబట్టి ఎల్‌ఎస్‌జీకి వెళ్లినా మళ్లీ జీతం ఫిక్సేషన్ ఉండదు. డబ్బు పెరగదు, ఊరు మారాలి, బాధ్యత పెరుగుతుంది, ఇంక ఎందుకు అనిపిస్తుంది. కానీ వద్దన్నందుకు ఏడాది పాటు ప్రమోషన్‌కి పరిగణించరు. ఇరవై ఏళ్లకి రావాల్సిన రెండో ఎంఏసీపీ ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. మళ్లీ ప్రమోషన్‌కి సిద్ధమేనని ఒప్పుకునేదాకా దాన్ని పరిగణించరు కూడా.

నాతో ఒంగోలులో పని చేసిన ఒకాయనకి ఇలాగే జరిగింది. మొదటి ఎంఏసీపీ వచ్చిన చాలా ఏళ్లకి ఎల్‌ఎస్‌జీ ఆర్డరు ఉత్తరాంధ్ర వైపు పడింది. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. వద్దన్నారు. తర్వాతి ఆర్డరులో మళ్లీ పేరు వచ్చింది, అది కూడా దూరమే, మళ్లీ వద్దన్నారు. ఇరవై ఏళ్లు నిండిన నెలలో పెంపు వస్తుందని ఎదురుచూస్తే రాలేదు. రెండుసార్లు వద్దన్నందుకు రెండేళ్లు వెనక్కి జరిగింది, ఆ రెండేళ్ల బకాయి కూడా ఉండదు. కూతురి పరీక్షల కోసం ఆయన తీసుకున్న నిర్ణయం తప్పని నేను అనను. దాని ఖరీదు ఎంతో సంతకం పెట్టే రోజు ఆయనకి ఎవరూ చెప్పలేదన్నదే నా బాధ.

బదిలీ సంగతి

ముందు డివిజన్ల గురించి. పోస్టల్ డివిజన్లు రెవెన్యూ జిల్లాల్లాగా ఉండవు. మన వైపు నెల్లూరు, గూడూరు, ప్రకాశం, మార్కాపురం అని నాలుగు డివిజన్లు ఉన్నాయి. మీరు పీఏగా ఏదో ఒక డివిజన్‌కి కేటాయింపు అవుతారు. ఆ డివిజన్ లోపల టెన్యూర్ అయ్యాక ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మార్చడం మామూలే. దానికి సీనియారిటీతో సంబంధం లేదు.

డివిజన్ దాటి మీ కోరిక మీద వెళ్లాలంటే రూల్ 38 కింద దరఖాస్తు పెట్టాలి. అక్కడ మీ క్యాడర్‌లో ఖాళీ ఉండాలి. మీ సొంత కోరిక కాబట్టి ప్రయాణ ఖర్చు, సామాను ఖర్చు ఇవ్వరు. కొత్త డివిజన్ లిస్టులో, మీరు చేరే రోజుకి అక్కడ ఉన్న పీఏలందరి కిందా మీ పేరు చేరుస్తారు. 'సీనియారిటీ మొత్తం పోతుంది' అనే మాట దీని నుంచే వచ్చింది.

కానీ అదే రూల్‌లో ఇంకో భాగం ఉంది. పాత యూనిట్, కొత్త యూనిట్ రెండూ పై క్యాడర్ ప్రమోషన్ కోసం ఒకే పెద్ద యూనిట్‌లో భాగాలైతే, ఆ పెద్ద యూనిట్ లిస్టులో మీ పాత సీనియారిటీ అలాగే ఉంటుంది. ఎల్‌ఎస్‌జీకి పెద్ద యూనిట్ అంటే సర్కిల్. కాబట్టి మార్కాపురం డివిజన్‌లో చేరి తర్వాత నెల్లూరుకి మారినా, సర్కిల్ గ్రేడేషన్ లిస్టులో మీ చోటు పోకూడదు. పోయేది డివిజన్ లోపలి వరుస. ఆఫీసు కోరుకునేటప్పుడు, తాత్కాలికంగా పై పోస్టులో కూర్చోబెట్టేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. నెల్లూరు హెడ్ ఆఫీసో కావలి ఆఫీసో కావాలని మీరడిగితే మీ ముందు చాలామంది ఉంటారు.

సర్కిల్ దాటితే అలా కాదు. పెళ్లయ్యాక చెన్నైకో హైదరాబాద్‌కో మారాల్సి వస్తే తమిళనాడు, తెలంగాణ వేరే సర్కిళ్లు. అక్కడి సర్కిల్ లిస్టులోనే అడుగున చేరతారు, ఎల్‌ఎస్‌జీ నిరీక్షణ మళ్లీ మొదలవుతుంది. అప్పుడు కూడా మీ ఎంఏసీపీ పదేళ్ల లెక్కకి ఏమీ కాదు, పాత సర్వీసు మొత్తం కలుస్తుంది. కాబట్టి మీకు ఆంధ్రప్రదేశ్ సర్కిల్ రావడమే పెద్ద విషయం. డివిజన్ ఏది వచ్చినా మరీ బెంగపడొద్దు.

బదిలీ అయ్యాక మీరు చేయాల్సిన పని ఒకటి. తర్వాత విడుదలయ్యే సర్కిల్ గ్రేడేషన్ లిస్టులో మీ పేరు, చేరిన తేదీ చూసుకోండి. డివిజన్‌లో అడుగున చేర్చిన తేదీని సర్కిల్ లిస్టులో కూడా వేసేసిన సందర్భాలు నేను దిద్దించాను. లిస్టుతో పాటు అభ్యంతరాలకి గడువు ఇస్తారు. ఆ గడువులో రాతపూర్వకంగా ఇస్తే తేలిగ్గా సరిపోతుంది, ప్రమోషన్ ఆర్డరు వచ్చాక మొదలుపెడితే ఏళ్లు పడుతుంది.

ఇన్‌స్పెక్టర్ పరీక్ష

ఇన్‌స్పెక్టర్ పోస్ట్స్ ఖాళీల్లో మూడింట రెండు వంతులు డిపార్ట్‌మెంట్ లోపలి పరీక్ష ద్వారా, మిగతావి ఎస్‌ఎస్‌సీ ద్వారా నింపుతారు. పోస్టు లెవెల్ 7, మొదటి బేసిక్ 44,900. ఎంఏసీపీ దారిలో ముప్పై ఏళ్లకి చేరే లెవెల్ ఇది.

పైన చెప్పిన 2025 ఆగస్టు ఉదాహరణనే తీసుకుందాం. ఐదేళ్లు 2030 ఆగస్టుకి నిండుతాయి. అర్హతని ఖాళీల సంవత్సరం జనవరి 1 నాటికి చూస్తారు కాబట్టి 2031 పరీక్షకి మొదటిసారి కూర్చోవచ్చు. ఆ ప్రయత్నంలోనే వచ్చి 2031 ఆగస్టులో ఇన్‌స్పెక్టర్‌గా చేరారనుకోండి. అప్పటికి పీఏగా బేసిక్ 30,500. ఇన్‌స్పెక్టర్‌గా 44,900 అవుతుంది. 2035 ఆగస్టుకి 50,500. అదే రోజు పీఏగా ఉండిపోయిన బ్యాచ్‌మేట్‌కి ఎంఏసీపీ కలిపి 35,900. సెలెక్ట్ కావడానికి ఇంకో మూడు నాలుగేళ్లు పట్టినా తేడా పెద్దగానే ఉంటుంది.

జనవరి 1 అన్న మాట గుర్తుంచుకోండి. డిసెంబర్ ఆఖరున చేరినవారికీ జనవరి మొదటి వారంలో చేరినవారికీ పరీక్షలో ఒక ఏడాది తేడా వస్తుంది. చేరడానికి గడువు ఉందని సాగదీయకుండా, కాల్ లెటర్ రాగానే వెళ్లండి. ట్రైనింగ్ అయ్యాక సర్వీస్ బుక్‌లో రెగ్యులర్ నియామకం తేదీ ఏదని రాశారో చూసి ఫోటో తీసి పెట్టుకోండి. అర్హత లెక్కించేది ఆ తేదీ నుంచే.

ఇది మెరిట్ పరీక్ష. కనీస మార్కులు తెచ్చుకుంటే చాలదు, సర్కిల్‌లో ఆ ఏడాది మీ కేటగిరీలో ఉన్న ఖాళీల్లోపు ర్యాంకు రావాలి. ఒక ఏడాది జనరల్‌లో ఖాళీలు బాగుంటాయి, ఇంకో ఏడాది వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి. సిలబస్‌లో తపాలా చట్టం, సేవింగ్స్ బ్యాంక్ రూల్స్, పోస్టల్ మాన్యువళ్లు, కాండక్ట్ రూల్స్, క్రమశిక్షణ రూల్స్, సెలవులు, పెన్షన్, ఆర్థిక నిబంధనలు ఉంటాయి. పాత ప్రశ్నల బ్యాంకులు కొనేముందు తేదీ చూడండి. 1898 నాటి ఇండియన్ పోస్టాఫీస్ చట్టం పోయి, 2023 పోస్టాఫీస్ చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. పాత సెక్షన్ నంబర్లు బట్టీ పట్టి వెళ్లినవారు అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

చదువుకి మీరు పని చేసే చోటు చాలా ముఖ్యం. పెద్ద హెడ్ ఆఫీసు కౌంటర్‌లో ఒకే పని ఏళ్ల తరబడి చేస్తే రూల్స్ కాగితం మీదే ఉండిపోతాయి. చిన్న సబ్ ఆఫీసులో బుకింగ్, సేవింగ్స్ బ్యాంక్, డెలివరీ, బ్రాంచి ఆఫీసుల లెక్కలు అన్నీ మీ చేతి మీదుగా వెళ్తాయి. గిద్దలూరు, ఉదయగిరి లాంటి చోట వేశారని చాలామంది ఏడుస్తారు కానీ, పరీక్ష రాసేవారికి మొదటి మూడేళ్లు అలాంటి చోటే మంచిదని నా అభిప్రాయం. ఆ తర్వాత అవకాశం వస్తే డివిజనల్ ఆఫీస్ సెక్షన్‌కి వెళ్లండి. అక్కడ చార్జ్‌షీట్ ఎలా తయారవుతుందో, సెలవు ఎలా లెక్కిస్తారో రోజూ చూస్తారు. మా డివిజన్‌లో ఇన్‌స్పెక్టర్లు అయినవారిలో నాకు తెలిసిన ఎక్కువమంది ఈ రెండు చోట్లా పని చేసినవారే.

దీని రెండో వైపు కూడా చెప్పాలి. ఇన్‌స్పెక్టర్ సర్కిల్ క్యాడర్, రాష్ట్రంలో ఎక్కడైనా వేస్తారు. సబ్ డివిజన్ ఇస్తే బ్రాంచి ఆఫీసుల తనిఖీలు, డబ్బు తేడాలొస్తే విచారణలు, నెలంతా తిరుగుడు. పీఏగా ఐదు దాటితే ఇంటికి వెళ్లే అవకాశం ఉంటుంది, ఇన్‌స్పెక్టర్‌కి ఉండదు. పెళ్లికి ముందే ఈ విషయం ఇంట్లో, అవతలివారి ఇంట్లో మాట్లాడుకోండి. పరీక్ష పాసై, ఊరు చూసి వెనక్కి తగ్గిన అమ్మాయిల్ని చూశాను. వాళ్లకి తెలివి తక్కువై కాదు, ముందుగా ఎవరూ ఇంట్లో ఒప్పించి పెట్టలేదు.

డివిజన్ కేటాయింపు లెటర్ వచ్చాక ఆ డివిజనల్ ఆఫీసుకి ఒకసారి స్వయంగా వెళ్లండి. పీఏల గ్రేడేషన్ లిస్టు, రూల్ 38 కింద అక్కడికి రావడానికి ఎంతమంది ఎదురుచూస్తున్నారు, గత రెండేళ్లలో ఎల్‌ఎస్‌జీ వద్దన్నవారు ఎంతమంది, ఈ మూడూ అడగండి. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఉన్నవారు ఇవి చూపించడానికి మామూలుగా ఇబ్బంది పడరు. లిస్టు చూశాక మీ ముందు ఎవరెవరున్నారో ఇక్కడ రాయండి, మిగతా లెక్క కలిసి వేద్దాం.